ఒక్క టెర్మినల్ మాత్రమే వేడెక్కితే: ఫేజుల మధ్య 26 డిగ్రీల తేడాను ఎలా చదవాలి

ప్రశ్న: మా బిల్డింగ్ ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ నేను చూస్తాను. మూడు ఫేజుల డిస్ట్రిబ్యూషన్ బోర్డుకు థర్మల్ ఫోటోలు తీయించాం. 100 ఆంపియర్ల బ్రేకర్ అవుట్‌గోయింగ్ వైపు ఆర్ 38, వై 64, బీ 34 డిగ్రీలు వచ్చాయి. గది 31 డిగ్రీలు. అప్పటి కరెంటు ఆర్ 46, వై 52, బీ 30 ఆంపియర్లు. ఉష్ణోగ్రత కొలిచే స్పాట్‌లు కేబుల్ చివర ఉండే లోహపు లగ్‌ని ఆనుకుని రంగు స్లీవ్ మీద పెట్టారు. కేబుల్ రాగిది, 25 స్క్వేర్ మిల్లీమీటర్లు, పీవీసీ. వేసవిలో వై మీద 80 ఆంపియర్ల దాకా వెళ్తుంది. రిపోర్టులో "వెంటనే రిపేరు" అని రాశారు. మా ఎలక్ట్రీషియన్ మాత్రం "వై మీద లోడ్ ఎక్కువ, అందుకే వేడి. 64 పెద్ద లెక్క కాదు, స్క్రూ ఒకసారి బిగిస్తే చాలు" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు:

రిపోర్టు మాటే వినండి. అయితే మీ ఎలక్ట్రీషియన్ అడిగింది తీసిపారేసే ప్రశ్న కాదు. లోడ్ ఎక్కువైతే వేడి ఎక్కువవుతుందన్నది నిజమే. ఎంత ఎక్కువవుతుంది అన్నదే అసలు లెక్క. ఆ లెక్క వేయడానికి కావాల్సిన అంకెలన్నీ మీరే ఇచ్చారు. కరెంటు రీడింగులు లేకుండా ఒట్టి ఫోటో పంపి "ఇది ప్రమాదమా" అని అడిగేవాళ్లే ఎక్కువ. అలాంటి ఫోటో చూసి చెప్పగలిగేది చాలా తక్కువ.

ముందుగా 38, 64, 34 అన్న అంకెల్ని పక్కన పెట్టండి. మనకు కావాల్సింది చుట్టూ ఉన్న గాలి కన్నా ఎంత పెరిగింది అన్నది. గాలి 31 అయితే ఆర్ మీద 7, వై మీద 33, బీ మీద 3 డిగ్రీల పెరుగుదల ఉంది. కరెంటు వల్ల పుట్టిన వేడి ఈ పెరుగుదలలోనే ఉంటుంది. మిగతా 31 గదిది.

ఇప్పుడు వై సంగతి వదిలేసి, బాగున్నట్టు కనిపిస్తున్న ఆర్, బీలను ఒకదానితో ఒకటి పోల్చండి. జాయింటులో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. అంటే కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు. ఆర్‌లో 46, బీలో 30 ఆంపియర్లు. 46ని 30తో భాగించి వర్గం చేస్తే 2.35. పెరుగుదలల నిష్పత్తి 7 బై 3, అంటే 2.33. రెండూ దాదాపు కలిసిపోయాయి. ఇంత దగ్గరగా రావడంలో కొంత అదృష్టం కూడా ఉందని ఒప్పుకోవాలి. ఎందుకంటే మామూలు థర్మల్ కెమెరా ఖచ్చితత్వం 2 డిగ్రీలు అటూ ఇటూ ఉంటుంది. అయినా ఒకే ఫోటోలో ఒకే పదార్థం మీద తీసిన రీడింగుల మధ్య తేడాని నమ్మవచ్చు, ఎందుకంటే కెమెరా పొరపాటు మూడింటికీ ఒకేలా ఉంటుంది. దీన్నిబట్టి రెండు విషయాలు తేలాయి. ఆర్, బీ రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి. 31 అన్న గాలి ఉష్ణోగ్రత కూడా సరైనదే. ఒకవేళ బోర్డు లోపల గాలి నిజానికి 33 అనుకుందాం. అప్పుడు పెరుగుదలలు 5, 1 అయ్యేవి, నిష్పత్తి 5 అయ్యేది, లెక్క అస్సలు కలిసేది కాదు.

(గది ఉష్ణోగ్రతను నమ్మాలా వద్దా అని అనుమానం వచ్చినప్పుడు ఒక చిట్కా ఉంది. అదే బోర్డులో లోడ్ లేకుండా ఖాళీగా ఉన్న స్పేర్ బ్రేకర్ ఉంటే, దాని ప్లాస్టిక్ బాడీ మీద రీడింగ్ తీసుకోండి. వేడి బ్రేకర్లకు ఆనుకుని ఉన్నది కాకుండా కాస్త దూరంగా ఉన్నది ఎంచుకోవాలి. గోడకి తగిలించిన థర్మామీటర్ కన్నా బోర్డు లోపలి గాలిని అదే బాగా చెబుతుంది.)

ఇక వై దగ్గరికి వద్దాం. ఆర్‌ని కొలబద్దగా పెట్టుకుంటే, 52 ఆంపియర్లు పోతున్న ఆరోగ్యమైన జాయింటు ఎంత వేడెక్కాలి?

```
7 × (52 / 46)² = 8.9
```

అంటే దాదాపు 9 డిగ్రీలు. వై 40 దగ్గర ఉండాల్సింది. లోడ్ ఎక్కువ అన్న కారణానికి దక్కే వాటా ఆర్‌తో పోలిస్తే 2 డిగ్రీలు. మధ్య పోల్ కావడం వల్ల రెండు వైపుల నుంచీ వేడి తగిలి మరో రెండు మూడు డిగ్రీలు రావచ్చు. ఏ మూడు పోళ్ల బ్రేకర్‌లోనైనా మధ్యది కాస్త వెచ్చగానే ఉంటుంది. అన్నీ ఉదారంగా ఇచ్చేసినా 12 దాటదు. కొలిచింది 33. మిగిలిన 20కి పైగా డిగ్రీలకి లోడ్ దగ్గర సమాధానం లేదు. అది జాయింటులో ఉన్న అదనపు రెసిస్టెన్స్.

"లోడ్ ఎక్కువ, అందుకే వేడి" అన్న మాట నిజం కావాలంటే ఎలాంటి అంకెలు రావాలో కూడా చూద్దాం. ఆర్‌లో 46 ఆంపియర్లకి 7 డిగ్రీలు పెరిగింది. 33 డిగ్రీలు పెరగాలంటే వైలో 100 ఆంపియర్లు పోవాలి. క్లాంప్ మీటర్ 52 చూపిస్తోంది. ఆ మీటర్ ట్రూ ఆర్‌ఎంఎస్ రకమో కాదో ఒకసారి చూడండి. కంప్యూటర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు, మోటార్ వేగం మార్చే వీఎఫ్‌డీలు ఎక్కువగా ఉన్న ఫీడర్‌లో కరెంటు సైన్ తరంగంలా ఉండదు. చవక మీటర్ దాన్ని తక్కువ చూపిస్తుంది, 20, 30 శాతం తేడా కూడా రావచ్చు. కానీ 52ని 100 చేసేంత తేడా రాదు. పైగా మూడు ఫేజుల మీదా అలాంటి లోడే ఉంటే మూడింటినీ దాదాపు ఒకేలా తక్కువ చూపిస్తుంది కాబట్టి నిష్పత్తి పెద్దగా చెడదు.

రిపోర్టుకీ ఎలక్ట్రీషియన్‌కీ మధ్య తగాదా ఎందుకు వచ్చిందో నాకు అర్థమైందనే అనుకుంటున్నాను. థర్మోగ్రఫీ చేసేవాళ్లు ఎక్కువగా వాడేది ఇంటర్నేషనల్ ఎలక్ట్రికల్ టెస్టింగ్ అసోసియేషన్ (నేటా) పట్టిక. అందులో రెండు వరుసలు ఉంటాయి. మొదటిది, ఒకే రకం భాగాలు ఒకే రకం లోడ్ మీద ఉన్నప్పుడు వాటి మధ్య తేడా. అందులో 15 డిగ్రీలు దాటితే వెంటనే రిపేరు చేయాలి. రెండోది, చుట్టూ గాలి కన్నా ఎంత పెరిగింది అన్నది. అందులో వెంటనే రిపేరు అనడానికి 40 దాటాలి, 21 నుంచి 40 మధ్య అయితే సరిచేసేదాకా గమనిస్తూ ఉండమంటుంది. మీ వై ఫేజ్ ఆర్‌తో పోలిస్తే 26 తేడాతో మొదటి వరుసలో పడిపోయింది. రెండో వరుసలో 33తో "గమనించండి" దగ్గర ఆగింది. ఒకే ఫోటోకి రెండు తీర్పులు. రిపోర్టు రాసినాయన మొదటిదాన్ని తీసుకున్నారు. 64 పెద్ద లెక్క కాదన్న మీ ఎలక్ట్రీషియన్ ఆలోచన రెండోదానికి దగ్గరగా ఉంది.

పట్టికలో జనం దాటేసే మాట "ఒకే రకం లోడ్" అన్నదే. మీ మూడు ఫేజులూ ఒకే లోడ్ మీద లేవు. బీతో పోల్చి "30 డిగ్రీల తేడా" అని రాస్తే అది అన్యాయం, ఎందుకంటే బీలో కరెంటే తక్కువ. అందుకే పైన ముందు లోడ్ సరిచేసి, తర్వాత పోల్చాను. సరిచేశాక కూడా 20 దాటి మిగిలింది కాబట్టి మొదటి వరుస తీర్పు నిలబడింది. చాలాసార్లు నిలబడదు. ఒక ఫేజ్‌లో 20, ఇంకోదానిలో 60 ఆంపియర్లు పోతున్న బోర్డులో 15 డిగ్రీల తేడా చూసి కంగారుపడి బ్రేకర్ మార్చేసినవాళ్లని చూశాను. అక్కడ చేయాల్సింది సింగిల్ ఫేజ్ లోడ్లను మూడింటికీ పంచడం, అంతే.

ఇంతకీ ఇవాళ 64 ఉన్నది వేసవిలో ఎంత అవుతుంది? 52 నుంచి 80కి వెళ్తే వర్గం లెక్కన 2.37 రెట్లు. 33 కాస్తా 78 అవుతుంది. నిజానికి అంత పూర్తిగా పెరగకపోవచ్చు. వస్తువు వేడెక్కే కొద్దీ గాలిలోకి వేడిని వదిలే వేగం కూడా పెరుగుతుంది కదా. అందుకే అనుభవజ్ఞులు వర్గానికి బదులు 1.6 ఘాతం కూడా వేసి చూస్తారు. అలా వేస్తే 66 వస్తుంది. అసలు విలువ 66కీ 78కీ మధ్య ఎక్కడో ఉంటుంది. వేసవిలో బోర్డు లోపల గాలి 40 అనుకుంటే స్లీవ్ దగ్గర 106 నుంచి 118 డిగ్రీలు. పీవీసీ ఇన్సులేషన్ కండక్టర్‌ని నిరంతరం ఉంచదగ్గ పరిమితి 70. ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్ అయినా 90. బ్రేకర్ల ప్రమాణం ఐఈసీ 60947-1 టెర్మినల్‌కి ఇచ్చే పెరుగుదల పరిమితి ఒట్టి రాగికి 60, టిన్ పూత ఉన్నదానికి 65 డిగ్రీలు. మీ వై జాయింటు వేసవిలో ఈ గీతలన్నీ దాటేస్తుంది. "64 పెద్ద లెక్క కాదు" అన్నది ఇవాళ్టి లోడ్‌కి, ఇవాళ్టి వాతావరణానికి మాత్రమే నిజం.

ఇలా పైకి లెక్కగట్టడానికి ఒక హద్దు ఉంది. నేను దాన్ని పాటించకుండా దెబ్బతిన్నాను. చాలా ఏళ్ల క్రితం ఒక చోట బోర్డు ఫోటోలు తీస్తున్నప్పుడు ఒక ఫేజ్ పక్కదాని కన్నా 4 డిగ్రీలు మాత్రమే వేడిగా కనిపించింది. ఆ రోజు సెలవు, సగం ఆఫీసు ఖాళీ. లోడ్ 15 ఆంపియర్లు. పనిరోజుల్లో 70 ఉంటుందని నాకు తెలుసు. అయినా 4 డిగ్రీలే కదా అని "పర్వాలేదు, తర్వాతి తనిఖీలో చూద్దాం" అని రాసేశాను. తర్వాతి తనిఖీ దాకా అది ఆగలేదు. లగ్ పక్క స్లీవ్ కరిగి, బ్రేకర్ మూల నల్లబడిపోయిందని ఫోన్ వచ్చింది. తర్వాత లెక్క వేసుకుంటే 15 నుంచి 70కి వెళ్లేసరికి ఆ 4 డిగ్రీలు 1.6 ఘాతంతో 47, వర్గంతో 87 అవుతున్నాయి. తేడా చూశారా? అంత తక్కువ లోడ్ నుంచి పైకి లెక్కగడితే వచ్చే జవాబు జవాబే కాదు. కెమెరాలో ఒక డిగ్రీ పొరపాటు అక్కడ ఇరవై డిగ్రీలు అయిపోతుంది. అప్పటి నుంచీ గరిష్ఠ లోడ్‌లో 40 శాతం కూడా లేకపోతే ఫోటో తీస్తాను గానీ "బాగుంది" అని రాయను. "లోడ్ చాలలేదు, మళ్లీ తీయాలి" అని రాస్తాను. మీది 80లో 52, అంటే 65 శాతం. లెక్క నమ్మదగ్గదే.

ఫోటో తీసేముందు ఆ లోడ్ ఎంతసేపటి నుంచి ఉందో కూడా అడిగి తెలుసుకోండి. ఏసీలు ఆన్ చేసిన పది నిమిషాలకే తీసి ఉంటే బ్రేకర్, కేబుల్ ఇంకా వేడెక్కుతూనే ఉంటాయి. లోడ్ స్థిరపడ్డాక కనీసం ఒక గంట ఆగాలి. ఆలోపు తీసినదైతే 33 అన్నది కూడా తక్కువ అంకే.

స్లీవ్ మీద స్పాట్ పెట్టడం వల్ల మనకి చాలా మేలు జరిగింది. ఎందుకో చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మెరిసే టిన్ లగ్ అద్దంలాంటిది. కెమెరాకి దాని సొంత వేడి కొంచెమే కనిపిస్తుంది, మిగతాదంతా ఎదురుగా నిలబడ్డ మనిషిదో, పైన ఉన్న లైటుదో ప్రతిబింబం. కెమెరాలో ఎమిసివిటీ, అంటే ఉపరితలం తన వేడిని వెదజల్లే సామర్థ్యం, 0.95 అని పెట్టి మెరిసే లోహం మీద చూస్తే 90 డిగ్రీలున్న లగ్ కూడా 40 అని కనిపించవచ్చు. దీనిలో ఇంకో మెలిక ఉంది. వేడికి నల్లబడిన లగ్ ప్రతిబింబం తక్కువగా ఇస్తుంది, తన వేడిని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. దాని పక్కన మెరుస్తున్న రెండు మంచి లగ్గులు ఉన్నదానికన్నా చల్లగా కనిపిస్తాయి. అంటే లోహం మీద పోలిస్తే నల్లబడినదానికీ మెరిసేదానికీ మధ్య తేడా లేనిది ఉన్నట్టూ కనిపించవచ్చు. స్లీవ్‌లతో ఆ బెడద లేదు. కంటికి ఎరుపు, పసుపు, నీలం అయినా ఇన్‌ఫ్రారెడ్‌లో మూడూ దాదాపు ఒకే ఎమిసివిటీతో ఉంటాయి. అందుకే మీ మూడు అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చగలిగాను. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. స్లీవ్ పైన 64 అంటే లోపల లోహం కాంటాక్ట్ దగ్గర అంతకన్నా ఎక్కువ ఉంటుంది.

ఇక ఇప్పుడు ఆ ఫోటోని మళ్లీ తెరిచి వేడి ఎక్కడ మొదలై ఎటు తగ్గుతోందో చూడండి. కెమెరా సాఫ్ట్‌వేర్‌లో కేబుల్ పొడవునా ఒక గీత గీస్తే ఉష్ణోగ్రత గ్రాఫ్ వస్తుంది. లగ్ దగ్గర 64 ఉండి, కేబుల్ మీద జానెడు దూరం వెళ్లేసరికి 45, ఇంకాస్త వెళ్లేసరికి 38కి దిగిపోతుంటే వేడి పుట్టేది జాయింటులోనే, కేబుల్ దాన్ని మోసుకుపోయి చల్లబరుస్తోంది. అలా కాకుండా కేబుల్ అంతా ఒకేలా వేడిగా ఉంటే కేబుల్‌కి లోడ్ ఎక్కువైనట్టు. మీ 25 స్క్వేర్ కేబుల్‌కి 52 ఆంపియర్లు ఎక్కువేమీ కాదు కాబట్టి ఇది అయ్యే అవకాశం లేదు. మూడోది, అదే పోల్ ఇన్‌కమింగ్ టెర్మినల్ కూడా వేడిగా ఉండి, బ్రేకర్ బాడీ మీద ఆ రెండింటి మధ్య వెచ్చని పట్టీ కనిపిస్తే, దోషం బ్రేకర్ లోపలి కాంటాక్ట్‌లో ఉండొచ్చు. అప్పుడు లగ్ ఎంత బాగా వేసినా ప్రయోజనం లేదు. మీ రిపోర్టులో ఇన్‌కమింగ్ వైపు ఫోటో ఉందో లేదో మీరు చెప్పలేదు. లేకపోతే మొదటగా అది తీయించండి. బోర్డు ముందు పారదర్శక షీట్ ఉంటే దాన్ని తీసేసి తీయాలి. మన కంటికి అందులోంచి కనిపిస్తుంది గానీ థర్మల్ కెమెరాకి అది గోడే. ఆ షీట్ తీసేది, ఆ బోర్డు ముందు నిలబడేది లైవ్ బోర్డు మీద పని చేయడానికి శిక్షణ, రక్షణ దుస్తులు ఉన్నవాళ్లే కావాలి.

అలాంటి మనిషి దగ్గర ఉంటే ఇంకో కొలత అడగండి. లోడ్ మీద ఉండగానే లగ్ లోహానికీ బ్రేకర్ టెర్మినల్‌కీ మధ్య మిల్లీవోల్టులు. ఫోటో కన్నా అది తిన్నగా మాట్లాడుతుంది. ఉదాహరణకి ఆర్‌లో 46 ఆంపియర్ల దగ్గర 5 మిల్లీవోల్టులు, వైలో 52 దగ్గర 90 మిల్లీవోల్టులు వచ్చాయనుకోండి. వైలో 0.09ని 52తో గుణిస్తే 4.7 వాట్లు. ఆర్‌లో పావు వాటు కూడా లేదు. ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్‌కి వేసేంత కాకపోయినా, అగ్గిపెట్టెంత చోటులో రోజంతా 4.7 వాట్లంటే తక్కువ కాదు. రెసిస్టెన్స్ అలాగే ఉంటే 80 ఆంపియర్ల దగ్గర ఇది 11 వాట్లవుతుంది. కానీ చెడిన జాయింటు రెసిస్టెన్స్ అలాగే ఉండదు, వేడికి ఆక్సైడ్ పెరిగి ఇంకా పెరుగుతుంది. లైవ్‌లో కొలవడం కుదరకపోతే వద్దు. షట్‌డౌన్‌లో మైక్రో ఓమ్ మీటర్‌తో మూడు జాయింట్లూ కొలిచి పోల్చినా అదే సంగతి తెలుస్తుంది.

"స్క్రూ ఒకసారి బిగిస్తే చాలు" అన్నదాని మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. మొదటిది, కరెంటు ఉండగా స్క్రూడ్రైవర్ పెట్టకూడదు, అది చెప్పనక్కర్లేదు. రెండోది, వేడెక్కిన జాయింటు వట్టి వదులు జాయింటు కాదు. స్ప్రింగ్ వాషర్ వేడికి పట్టు కోల్పోయి ఉంటుంది, లగ్ కింద ముఖం మీద ఆక్సైడ్ పొర ఉంటుంది. బిగిస్తే ఆ పొరల్ని మరింత గట్టిగా అదుముతాం, అంతే. కొన్ని రోజులు చల్లబడినట్టు కనిపిస్తుంది. ఆ కొద్దిరోజుల చల్లదనమే మనల్ని మోసం చేస్తుంది. మూడోది, దోషం స్క్రూ దగ్గరే ఉందని ఎవరు చెప్పారు? కేబుల్ మీద గొట్టాన్ని నొక్కి బిగించే క్రింపింగ్ సరిగ్గా లేని లగ్‌లో రాగి పోగులు లగ్ గొట్టం లోపల వదులుగా ఉంటాయి. స్క్రూని విరిగేదాకా తిప్పినా ఆ వదులు పోదు. ఫోటోని బాగా దగ్గరగా తీస్తే ఇది కూడా కనిపిస్తుంది. వేడి శిఖరం స్క్రూ మీద ఉందా, లగ్ గొట్టం మీద ఉందా అన్నది చూడాలి. అయితే మామూలు 160 బై 120 కెమెరాతో మీటరు దూరం నుంచి ఈ రెండింటినీ విడదీయడం కష్టం. ఆ దూరంలో ఒక్కో పిక్సెల్ లెన్స్‌ని బట్టి మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు కవర్ చేస్తుంది, నమ్మదగ్గ రీడింగ్‌కి అలాంటివి కనీసం మూడు బై మూడు కావాలి.

కాబట్టి షట్‌డౌన్ తీసుకుని, కరెంటు లేదని టెస్ట్ చేసుకున్నాక, వై లగ్ ఊడదీసి చూడండి. ఊడదీసేటప్పుడు స్క్రూ ఎంత బలానికి కదిలిందో గుర్తుపెట్టుకోమనండి. వేలితో తిప్పితే వచ్చేసిందా, గట్టిగా ఉన్నా వేడెక్కిందా అన్నదే కారణాన్ని చెబుతుంది. గట్టిగా ఉండి కూడా వేడెక్కితే క్రింపింగ్ మీద, లేదా లగ్ కింద ఇరుక్కున్న స్లీవ్ ముక్క మీద అనుమానం పెట్టుకోవాలి. నేను ఒకసారి అచ్చంగా అలాంటిదే చూశాను. పసుపు స్లీవ్ అంచు వెంట్రుకవాసి పలుచగా లగ్‌కీ టెర్మినల్‌కీ మధ్య నలిగి ఉంది. స్క్రూ రాయిలా బిగిసి ఉంది. తనిఖీకి వచ్చిన ప్రతివాడూ దాన్ని బిగించి, బాగుందనుకుని వెళ్లాడు.

రంగు మారిన భాగం పోయేదాకా కేబుల్ కోసి, ఇన్సులేషన్ పెళుసుగా లేని చోటు నుంచి కొత్తగా ఒలిచి, సరైన సైజు లగ్‌కి సరైన డైతో క్రింప్ చేసి, కొత్త వాషర్‌తో, బ్రేకర్ మీద రాసి ఉన్న టార్క్‌కి టార్క్ రెంచ్‌తో బిగించాలి. కేబుల్ పొడవు చాలకపోతే సాగదీసి కట్టకండి. లాగుడుతో ఉన్న లగ్ మళ్లీ వదులవుతుంది. బ్రేకర్ టెర్మినల్ ముఖం మీద గుంటలు, నలుపు ఉంటే ఎమెరీతో రుద్దకండి. వెండి, టిన్ పూత పోయి ఒట్టి రాగి బయటపడి త్వరగా ఆక్సైడ్ అవుతుంది. గుంటలు పడితే బ్రేకర్ మార్చడమే. ఈ ఫేజ్ కోసం బోర్డు ఎలాగూ ఆపారు కాబట్టి ఆర్, బీ స్క్రూల టార్క్ కూడా చూసుకోండి. కానీ వాటి అంకెలు బాగున్నాయి కాబట్టి అనవసరంగా ఊడదీయకండి.

షట్‌డౌన్ దొరికేదాకా వై మీది సింగిల్ ఫేజ్ లోడ్లలో కొన్నింటిని బీకి మార్చండి. అందులో 30 ఆంపియర్లే ఉన్నాయి, చోటు ఉంది. 52 నుంచి 40కి దించినా వేడి దాదాపు 40 శాతం తగ్గుతుంది. ఇది రిపేరు కాదు, రోజులు కొనుక్కోవడం. ఇది వేసవి రాకముందే పూర్తి కావాలి. మధ్యలో రెండు మూడు రోజులకోసారి ఫోటో తీయించి, తీసిన ప్రతిసారీ కరెంటు, గాలి ఉష్ణోగ్రత పక్కన రాయించండి. అదే లోడ్‌కి పెరుగుదల 33 నుంచి 38, 42 అని పెరుగుతూ పోతుంటే రెసిస్టెన్స్ పెరుగుతున్నట్టు. అప్పుడు షట్‌డౌన్ కోసం ఆగకుండా ఆ ఫీడర్‌ని ఆపేయండి.

రిపేరు అయ్యాక అదే దూరం నుంచి, అదే స్లీవ్ చోటు మీద, లోడ్ స్థిరపడిన గంట తర్వాత మళ్లీ తీయించండి. గాలి 31, వైలో 52 ఆంపియర్లు ఉంటే 40 నుంచి 43 మధ్య రావాలి. కరెంటు, గాలి మారితే పైన వేసిన లెక్కే మళ్లీ వేసుకోండి. కొత్త లగ్, సరైన టార్క్ ఉండి కూడా 50 దాటితే లగ్‌ని ఇంక కదిలించకండి. దోషం బ్రేకర్ లోపల ఉంది, దాన్ని మార్చేయండి.